పది నెలలు వాడిన అమెరికా మల్టీవిటమిన్: ఆ హుషారు ఎక్కడిదో ఆలస్యంగా తెలిసింది

ఈ మల్టీవిటమిన్ మొదలుపెట్టిన మూడో నెలలో కనిపించినవాళ్లందరికీ దీని గురించే చెప్పాను. వేసుకున్న అరగంటకల్లా ఒళ్ళు తేలికవుతుందనీ, మధ్యాహ్నం ఆరో పీరియడ్‌లో కూడా కళ్లు మూతపడటం లేదనీ స్టాఫ్ రూములో ఒకటే పొగడ్త. నా మాట విని ఇద్దరు టీచర్లు వాళ్ల పిల్లలతో చెప్పి అమెరికా నుంచి తెప్పించుకున్నారు. అప్పుడు నేను చెప్పింది అబద్ధమేమీ కాదు, హుషారు నిజంగానే వచ్చింది. కానీ విటమిన్ ఏదీ అరగంటలో అలా పనిచెయ్యదని ఇరవై ఏళ్లుగా సైన్స్ చెబుతున్న నాకు తట్టకపోవడమే సిగ్గుచేటు.

సీసాలో ఏ విటమిన్ ఎంతుందో రాయబోవడం లేదు. అది పట్టికలో ఉంది, ఆ భాగంతో నాకు పేచీ లేదు. నా కోపమంతా ఆ పట్టిక కింద, నల్లటి మందపు గీత దాటాక ఉన్న ఒక్క వరుస మీద.

డాలస్‌లో ఉన్న మా చెల్లెలు కిందటేడాది మార్చిలో వచ్చినప్పుడు రెండు సీసాలు తెచ్చింది. ముందు వైపు అశ్వగంధ అని పెద్ద అక్షరాలు చూసి, అక్కకి నిద్ర సరిగా పట్టదు కదా అని కొన్నదట. రోజుకి రెండు క్యాప్సూల్స్. మొదట్లో రెండూ టిఫిన్ అయ్యాక ఒకేసారి వేసుకునేదాన్ని. జూన్‌లో బడి తెరిచాక పొద్దున హడావిడిలో రెండు పెద్ద క్యాప్సూల్స్ గొంతు దిగడం లేదని ఒకటి పొద్దున, ఒకటి రాత్రి భోజనం తర్వాత అని మార్చాను. అక్కడ మొదలైంది తంటా.

రాత్రి పదింటికి పడుకుంటే ఒంటిగంట దాకా అటూ ఇటూ దొర్లడమే. ఒక్కోసారి గుండె దడదడమని చెవిలో వినిపించేది. నాకు బీపీ ఉంది, మాత్ర వేసుకుంటాను. ఎసిడిటీ, గుండెదడ రెండూ ఉన్నాయని రెండేళ్ల కిందటే కాఫీ, టీ మానేశాను. అందుకే ఈ దడ వయసు వల్లనో, బడిలో టెన్షన్ వల్లనో అనుకున్నాను. యాభై దాటితే ఏదొచ్చినా ఆ ఖాతాలో వేసెయ్యడం మనకి అలవాటే కదా.

మా అన్నయ్య కూతురు ఫార్మసీ చదివి గుంటూరులో పనిచేస్తోంది. ఫోన్‌లో సంగతి చెబితే, "ఏమేం వేసుకుంటున్నావో అన్నీ ఫోటో తీసి పెట్టు అత్తా" అంది. బీపీ మాత్ర షీటు, ఈ సీసా, రెండూ తీసి వాట్సాప్‌లో పంపాను. ఫోటోలో విటమిన్ల పట్టిక చక్కగా పడింది. సీసా గుండ్రం కాబట్టి పట్టిక అడుగు భాగం పక్కకి తిరిగిపోయి, చిన్న అక్షరాలన్నీ ఒక బూడిదరంగు మచ్చలా వచ్చాయి. నాకది లోపంగా కూడా తోచలేదు. తను పైభాగం చదివి, "ఇందులో నిద్ర చెడగొట్టేది ఏమీ లేదే" అంది. తను చూసినంతలో తన మాట సరైనదే.

సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు సీసా చేతిలోకి తీసుకుని, లేబుల్ వెంట మెల్లగా తిప్పుతూ చదివింది. ఒకచోట ఆగి, "అత్తా, నువ్వు కాఫీ మానేశానన్నావు కదా?" అని అడిగింది.

ఆ గీత కింద ఉన్నది ఇది: ఎనర్జీ అండ్ వైటాలిటీ బ్లెండ్, 400 మి.గ్రా. దాని కింద కామాలు పెట్టి ఐదు పేర్లు: గ్వారానా గింజల సారం, గ్రీన్ టీ ఆకుల సారం, జిన్సెంగ్ వేరు, మాకా దుంప, అశ్వగంధ వేరు. ఏ పేరు పక్కనా అంకె లేదు. పక్కన ఒక చిన్న కత్తి గుర్తు, దాని అర్థం ఇంకా కింద: దీనికి రోజువారీ ప్రమాణం నిర్ణయించలేదు అని.

గ్వారానా బ్రెజిల్ వైపు పెరిగే ఒక తీగ. దాని గింజలో కాఫీ గింజలో కన్నా కెఫీన్ ఎక్కువ. గ్రీన్ టీ సంగతి తెలిసిందే. అంటే ఐదింట్లో మొదటి రెండూ కెఫీన్ సరుకే. అయినా సీసా మొత్తం మీద కెఫీన్ అనే మాట ఒక్కచోట కూడా లేదు. అక్కడ అది తప్పు కూడా కాదట. 1994లో వచ్చిన చట్టం ప్రకారం అమెరికాలో ఇవి మందుల కిందికి రావు, ఆహారం కిందికి వస్తాయి. రోజువారీ ప్రమాణం ఉన్న విటమిన్లు, ఖనిజాలు కలిపితే ఒక్కోదాని కొలత విడిగా వెయ్యాలి. మూలికల్లాంటివి మాత్రం 'ప్రొప్రైటరీ బ్లెండ్' అనే పేరుతో ఒక గుంపుగా చూపించొచ్చు. అప్పుడు గుంపు మొత్తం బరువు ఒక్కటి వేస్తే చాలు. మూలికలో సహజంగా ఉండే కెఫీన్ ఎంతో చెప్పాల్సిన పని లేదు.

అయితే ఒక నిబంధన ఉంది: గుంపులో పేర్లు బరువు తగ్గే వరుసలో రాయాలి. మా మేనకోడలు దీన్ని పట్టుకుని చీటీ వెనక లెక్క వేసి చూపించింది. నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఇదే. ఐదు పేర్లు, మొత్తం 400. మొదటిది అన్నిటికన్నా ఎక్కువ ఉండాలి కాబట్టి అయిదో వంతుకి, అంటే 80కి తగ్గదు. పైకి ఎంతైనా పోవచ్చు, మిగతా నాలుగూ చిటికెడు చొప్పున వేస్తే దాదాపు 400 అదే కావచ్చు. రెండోది సగానికి, అంటే 200కి మించదు. మూడోది మూడో వంతుకి మించదు. అలా వెళితే అయిదోదైన అశ్వగంధ 80కి మించే వీల్లేదు. పరిశోధనల్లో అశ్వగంధ సారాన్ని మామూలుగా రోజుకి 300 నుంచి 600 మి.గ్రా. దాకా ఇస్తుంటారు. మా చెల్లెలు సీసా కొన్నదే ఆ పేరు చూసి. ముందు వైపు అంత పెద్దగా వేసినది లోపల చివరి వరుసలో ఉంది.

ఇక కెఫీన్. గ్వారానా సారాల్లో 22 శాతం కెఫీన్ ఉండేలా చేసి అమ్మేవి ఉన్నాయి. ఇది ఆ రకమైతే రెండు క్యాప్సూల్స్‌లో తక్కువలో తక్కువ 17.6, ఎక్కువలో ఎక్కువ 88 మి.గ్రా. దాకా పడొచ్చు, గ్రీన్ టీది అదనం. 88 అంటే ఇంచుమించు ఒక కప్పు కాఫీ. పలచటి సారమైతే మూడు నాలుగు మి.గ్రాములే ఉండొచ్చు. ఏ రకమో లేబుల్‌లో లేదు. "ఫోటో ఎంత బాగా తీసినా ఇంతకన్నా తెలియదత్తా, లేబులే చెప్పడం లేదు" అంది. నిజంగానే అప్పుడు సీసాని నాలుగు వైపులా నాలుగు ఫోటోలు తీశాం. అక్షరాలన్నీ వచ్చాయి, అంకె మాత్రం ఆ ఒక్క 400.

అలా తిప్పుతున్నప్పుడే ఇంకో సంగతి బయటపడింది. లేబుల్ రెండు అంచులూ అతికే చోట 'ఇతర పదార్థాలు' అని ఉంది, అందులో జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్. మనకిక్కడ ఆకుపచ్చ చుక్క చూసుకోవడం అలవాటు, అమెరికా సీసా మీద ఆ చుక్క ఉండదు. మా అత్తగారు గుడ్డు కూడా ముట్టరు. ఆవిడకి నేనే నెల రోజులు ఇచ్చాను. ఈ ముక్క ఆవిడకి ఇంకా చెప్పలేదు.

సీసా మానేసి చూద్దామనుకున్నాం. మానేసిన రెండో రోజు మధ్యాహ్నం నుదుటి మీద గట్టిగా బిగించి కట్టినట్టు తలనొప్పి. మూడో రోజు కూడా అంతే, ఐదో రోజుకి తగ్గింది. ఈ తలనొప్పి నాకు పాత చుట్టమే. రెండేళ్ల కిందట కాఫీ మానేసినప్పుడు అచ్చం ఇలాగే వచ్చింది. వారం తిరిగేసరికి పదిన్నరకల్లా నిద్ర పడుతోంది. కెఫీన్ సగం తగ్గడానికే దాదాపు అయిదు గంటలు పడుతుందట. రాత్రి ఎనిమిదింటికి వేసుకున్నది ఒంటిగంటకి కూడా సగం ఒంట్లోనే ఉండేదన్నమాట. మధ్యాహ్నం ఆరో పీరియడ్‌లో మళ్లీ కునుకొస్తోంది, అది వేరే సంగతి.

కంపెనీకి మెయిల్ పెట్టాను, ఒక రోజు మోతాదులో కెఫీన్ మొత్తం ఎంత అని ఒకటే ప్రశ్న. మర్యాదగా జవాబిచ్చారు, ఫార్ములా తమ సొంతం కాబట్టి కొలతలు చెప్పలేమని. కెఫీన్ పడనివాళ్లు డాక్టరుని అడిగి వాడమన్నారు. కెఫీన్ ఉందని సీసా మీద లేనప్పుడు డాక్టరుని ఏమని అడగాలో రాయలేదు.

అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ ఎన్ఐహెచ్ వాళ్లు అక్కడ అమ్మే ఇలాంటి సీసాల లేబుళ్లు ఒకచోట చేర్చి పెట్టారు, dsld.od.nih.gov లో ఎవరైనా చూడొచ్చు. గుండ్రటి సీసా బాధ లేకుండా మొత్తం లేబుల్ చదువుకోవచ్చు. నా సీసా పేరు కొడితే రెండు లేబుళ్లు వచ్చాయి. పాతదాంట్లో గ్వారానా మూడో పేరు, అంటే 133 మి.గ్రా.కి మించదు. కొత్తదాంట్లో మొదటిది. మొత్తం రెండింట్లోనూ 400 అనే ఉంది. మా చెల్లెలు కొన్న సైట్‌లో ఇప్పటికీ పాత లేబుల్ ఫోటోనే ఉంది. తను ఫోటో చదివే కొన్నానంటే నేను నమ్ముతాను.

మరి కొనొచ్చా అంటే, నా సంగతి వేరు. బీపీ ఉంది, కెఫీన్ పడదు, రాత్రి పూట వేసుకోవడం నా సొంత తెలివి. ఇవేవీ లేనివాళ్లు పొద్దునే రెండూ వేసుకుంటే ఒక కప్పు కాఫీ అదనంగా తాగినట్టు ఉంటుందేమో. విటమిన్ల భాగం ఇప్పటికీ బాగానే ఉందనే అంటాను. అశ్వగంధ కోసమైతే మాత్రం దీనికి డబ్బు పెట్టొద్దు. నేను ఇప్పుడు గీత కింద ఏమీ లేని మామూలు మల్టీవిటమిన్ ఒకటి వాడుతున్నాను. హుషారు ఏమీ రాలేదు, రావాలని కూడా అనుకోవడం లేదు.

స్టాఫ్ రూములో ఇద్దరికీ సంగతి చెప్పాను. ఒకావిడ ఆ రోజే మానేసింది. రెండో ఆవిడ, "అందుకేనన్నమాట అంత బాగుంది" అని ఇంకో సీసా తెప్పించుకుంది. నా దగ్గర మిగిలిన సగం సీసా మా వారు పొద్దునపూట వేసుకుంటున్నారు. ఆయనకి రోజుకి మూడు ఫిల్టర్ కాఫీలు పడాలి. క్యాప్సూల్‌తో తేడా ఏమైనా తెలుస్తోందా అని అడిగితే, దేనికి తేడా అని నన్నే అడిగారు.