బగ్ రిపోర్టుకు ఏది మేలు: స్క్రిప్టు మొత్తం పంపడమా, కొత్తగా రాయడమా, కోసి పంపడమా?

గుంటూరు మిర్చి యార్డులో మా బాబాయికి కమిషన్ కొట్టు ఉంది. సీజన్‌లో సాయంత్రం పూట ఎక్సెల్ షీటులోంచి రైతుల బిల్లులు ఒక్కొక్కటి విడి పీడీఎఫ్‌గా తీసే పైథాన్ స్క్రిప్టు నేనే రాసిచ్చాను. మార్చిలో ఒకరోజు షీటులో 412 వరుసలున్నాయి, ఫోల్డర్‌లో 397 ఫైళ్లే కనిపించాయి. ఎర్రర్ ఒక్కటీ రాలేదు. "పదిహేను బిల్లులు ఎటు పోయాయిరా?" అని బాబాయి అడిగితే నా దగ్గర జవాబు లేదు. కాసేపు వెతికాక ఒకటి తేలింది. రవి అనే రైతు బిల్లు మీద రావు అనే రైతు బిల్లు వచ్చి కూర్చుంది. ఇద్దరికీ ఫైలు పేరు ఒకటే అయింది.

పేర్లలోంచి ఫైలు పేరు తయారుచేసే పని ఒక చిన్న ఓపెన్ సోర్స్ లైబ్రరీది. దాని అసలు పేరు ఇక్కడ అక్కర్లేదు, `slugname` అనుకుందాం. దాన్ని చూసుకునే మనిషి ఒక్కరే, అదీ తీరిక వేళల్లో. ఆయనకు తెలుగు రాదు. ఇలాంటి మనిషికి బగ్ చెప్పడానికి నాకు మూడు దారులు కనిపించాయి. మూడూ నడిచి చూశాను కాబట్టి ఏది ఎక్కడ పనికొచ్చిందో రాస్తున్నాను.

మొత్తం పంపడం

మొదట చేసింది ఇదే, ఎందుకంటే నాకు శ్రమ తక్కువ. 180 లైన్ల స్క్రిప్టు జిప్ చేసి పెడితే ఆయనే చూసుకుంటాడనుకున్నాను. పంపే ముందు షీటు తెరిస్తే అందులో రైతుల ఫోన్ నెంబర్లు, బ్యాంకు ఖాతా నెంబర్లు ఉన్నాయి. బగ్ రిపోర్టు ఎవరైనా చదివేది. అందుకని షీటు ఆపేసి స్క్రిప్టు ఒక్కటే పెట్టాను. షీటు లేకపోతే ఆ స్క్రిప్టు మొదటి పది లైన్లలోనే ఆగిపోతుంది. అంటే నేను పంపింది నడవని వస్తువు.

షీటు ఇచ్చినా పెద్దగా లాభం లేదు. దాన్ని నడపాలంటే ఆయన ఎక్సెల్ చదివే లైబ్రరీ, పీడీఎఫ్ చేసే లైబ్రరీ, ఒక తెలుగు ఫాంటు పెట్టుకోవాలి. అన్నీ పెట్టుకున్నాక కూడా వచ్చేది 397 అనే అంకె మాత్రమే. అది తప్పో ఒప్పో ఆయనకెలా తెలుస్తుంది? కొన్ని రోజులకు వచ్చిన జవాబు నాలుగే ముక్కలు: ఏ వెర్షన్, ఏం రావాలి, ఏం వచ్చింది, ఎక్సెల్ లేకుండా చూపించగలరా? అందులో కోపమేమీ లేదు. నేను చేయాల్సిన పని నాకే తిరిగొచ్చింది, అంతే.

మొత్తం పంపడమే మేలైన సందర్భాలూ లేకపోలేదు. రెండు థ్రెడ్లు ఒకేసారి నడిస్తేనో, గంటల తరబడి నడిచి మెమరీ నిండితేనో వచ్చే బగ్‌ను కోస్తుంటే చేతిలోనే మాయమైపోతుంది. అప్పుడు కూడా ఖాతా నెంబర్లు తీసేసిన డేటాతోనే పంపాలి.

కొత్తగా రాయడం

రెండోసారి కొత్త ఫైలు తెరిచాను. తెలుగు అక్షరాలతోనే గొడవ అని నా ఊహ. ఒక తెలుగు మాట ఇచ్చి చూద్దామని చేతికొచ్చిన ఊరి పేరు కొట్టాను.

```python
from slugname import to_filename
print(to_filename("కడప"))   # కడప
```

శుభ్రంగా వచ్చింది. తెలుగుతో ఇబ్బందే లేదు, తప్పు నా స్క్రిప్టుదే అయ్యుంటుంది అనుకుని రిపోర్టు వెనక్కి తీసుకోబోయాను.

ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది. కడపలో ఒక్క గుణింతం గుర్తు కూడా లేదు. క, డ, ప మూడూ తలకట్టుతోనే ఉన్నాయి. గుంటూరు అని కొట్టి ఉంటే ఆ క్షణమే `గటర` అని వచ్చేది. కొత్తగా రాసిన ఉదాహరణ మన ఊహలోంచి పుడుతుంది. ఊహ సరిగ్గా ఉంటే ఐదు నిమిషాల్లో పని తెములుతుంది. ఊహ సగమే సరైనదైతే ఉదాహరణ చక్కగా నడిచి మనల్నే పక్కదారి పట్టిస్తుంది. కాబట్టి తప్పు ఎక్కడుందో రూఢిగా తెలిసినప్పుడే ఈ దారి.

కోసుకుంటూ రావడం

మూడోది నెమ్మది పని, కానీ తప్పు చేతిలోంచి జారిపోదు. నడుస్తున్న స్క్రిప్టుకు కాపీ తీసి, ఒక ముక్క తీసేసి, మళ్లీ నడిపి, తప్పు ఇంకా ఉందా అని చూడాలి. ఉంటే ఆ ముక్క అక్కర్లేదు. లేకపోతే దాన్ని తిరిగి పెట్టి వేరే ముక్క తీయాలి.

మొదలుపెట్టే ముందు, "తప్పు ఉంది" అంటే ఏమిటో ఒక్క వాక్యంలో తేల్చుకోవాలి. నాది: రెండు వేర్వేరు పేర్లకు ఒకే ఫైలు పేరు రావడం. ఇది రాసి పెట్టుకోకపోతే ఏమవుతుందో కూడా చూశాను. ఫాంటు లైను తీసేయగానే పీడీఎఫ్ భాగం పెద్ద ఎర్రర్ ఇచ్చింది. "ఆహా, దొరికింది" అని అరగంట దాని వెంట పడ్డాను. అది నా కోత వల్ల పుట్టిన కొత్త తప్పు, పాతదానితో దానికి ఏ సంబంధమూ లేదు.

పీడీఎఫ్ భాగం మొత్తం తీసి దాని బదులు `print` పెట్టాను. తప్పు ఉంది. ఎక్సెల్ చదివే భాగం తీసి పేర్లను ఒక లిస్టుగా పెట్టాను. అప్పటికీ ఉంది. స్క్రిప్టు 180 నుంచి ఎనిమిది లైన్లకు వచ్చింది. ఇక తగ్గాల్సింది 412 పేర్లు.

అసలు చిక్కు ఇక్కడే. సగానికి కోస్తే 206 పేర్లు, తప్పు ఉంది. మళ్లీ సగం, 103, ఉంది. ఇంకో సగం చేస్తే రెండు సగాల్లోనూ తప్పు మాయం. బగ్ పోయిందా అని టెన్షన్ పట్టుకుంది. పోలేదు. ఈ తప్పు కనబడాలంటే జంట కావాలి. రవి ఒక సగంలో, రావు ఇంకో సగంలో పడితే విడివిడిగా ఇద్దరూ బాగానే కనిపిస్తారు. ఇలాంటప్పుడు సగం ఉంచుకోవడం మానేసి, చిన్న ముక్క తీసేసి మిగతాదంతా ఉంచాలి. 103లో నాలుగో వంతు తీసి నడిపి, తప్పు ఉంటే ఆ వంతు పారేసి, లేకపోతే తిరిగి పెట్టి, అలా వంతుల్ని చిన్నవి చేసుకుంటూ పోతే చివరికి రెండు పేర్లు మిగిలాయి. ఇది నేను కనిపెట్టింది కాదు. ఆండ్రియాస్ జెల్లర్, రాల్ఫ్ హిల్డెబ్రాంట్ 2002లో ప్రచురించిన డెల్టా డీబగ్గింగ్ పద్ధతి చేసేది ఇదే, దాన్ని మెషీన్‌తోనే చేయించవచ్చు. నాకు చేత్తో చేసినా ఒక సాయంత్రం పట్టింది.

రెండు పేర్లు పక్కపక్కన ఉంచితే కారణం దానంతటదే కనబడింది. రవిలో గుడి, రావులో దీర్ఘం, కొమ్ము. ఇవన్నీ తీసేస్తే రెండూ `రవ`. లైబ్రరీ సోర్స్‌లో చూస్తే `\w` కానివన్నీ తీసేసే ఒక లైను ఉంది. పైథాన్ `re`లో `\w` అంటే `str.isalnum()` ఒప్పుకునే అక్షరాలు, అండర్‌స్కోర్, అంతే. తెలుగు గుణింతాలు, పొల్లు, సున్నా యూనికోడ్ లెక్కలో అక్షరాలు కావు, గుర్తులు. వాటి వర్గం `Mn` లేదా `Mc`. లైబ్రరీ ఏదీ లేకుండా చూడొచ్చు:

```python
import re
print(re.findall(r"\w+", "గుంటూరు"))   # ['గ', 'ట', 'ర']
```

ఇది పైథాన్ బగ్ అనలేం, డాక్యుమెంటేషన్‌లో అలాగే రాసి ఉంది. దాన్ని నమ్ముకుని పేర్లు శుభ్రం చేసిన లైబ్రరీదే సమస్య. ఈ తేడా తెలియకపోతే రిపోర్టు వేరే గుమ్మం దగ్గరికి పోయేది.

తెలుగు అక్షరాలా, కోడ్ పాయింట్లా, స్క్రీన్‌షాటా?

ఇది మనలాంటివాళ్లకే వచ్చే ప్రశ్న. కోడ్ పాయింట్ అంటే ఒక్కో అక్షరానికి, గుర్తుకి యూనికోడ్ ఇచ్చిన నెంబరు. స్క్రీన్‌షాట్ అన్నిటికంటే చెడ్డది. ఆయన దాన్ని కాపీ చేసుకోలేడు, తెలుగు కళ్లతో చదివి కొట్టనూ లేడు. మామూలు తెలుగు అక్షరాలు పెడితే కాపీ అవుతాయి, కానీ రవికీ రావుకీ తేడా ఎక్కడుందో ఆయనకు కనబడదు, తెలుగు ఫాంటు లేకపోతే డబ్బాలే కనబడతాయి. పైగా ఒకేలా కనిపించే రెండు మాటల లోపల ఉన్నది ఒకటే కాకపోవచ్చు. మైలవరంలోని ఐత్వాన్ని `U+0C48` అనే ఒక్క గుర్తుగా రాయొచ్చు, `U+0C46`, `U+0C56` అనే రెంటిగానూ రాయొచ్చు. అందుకే కోడ్ పాయింట్లు ఇచ్చి, పక్కన కామెంటులో తెలుగు మాట పెట్టడం మేలు. చివరికి పంపింది ఇది:

```python
from slugname import to_filename

a = "\u0c30\u0c35\u0c3f"         # రవి
b = "\u0c30\u0c3e\u0c35\u0c41"   # రావు
print(to_filename(a) == to_filename(b))
# got: True, expected: False
```

దీన్ని పంపే ముందు `python -m venv t` అని ఖాళీ వాతావరణం చేసి, అందులో ఆ లైబ్రరీ తాజా వెర్షన్ ఒక్కటే పెట్టి నడిపాను. నా మెషీన్‌లో ఉన్నది పాతది, కొత్తదానిలో ఈపాటికి బాగుపడి ఉంటే పరువు పోయేది. పైథాన్ వెర్షన్, లైబ్రరీ వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్ మూడూ కాపీ చేసి పెట్టాను. హెడ్డింగ్ ముందు "తెలుగు పనిచేయడం లేదు" అన్న అర్థంలో ఉండేది, దాన్ని "గుణింతం గుర్తులు పోతున్నాయి, వేర్వేరు పేర్లు ఒకటైపోతున్నాయి" అని ఇంగ్లీషులో మార్చాను.

ఒకటి మాత్రం కావాలనే వదిలేశాను. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో పొల్లు విడిగా నిలబడటానికి పెట్టే కనబడని అక్షరం, `U+200C`, అది కూడా ఇదే లైనులో ఎగిరిపోతోంది. కానీ అది గుర్తుల వర్గంలోది కాదు, ఫైలు పేరులో దాన్ని ఉంచాలా వద్దా అన్నదే వేరే వాదన. రెండూ ఒకే రిపోర్టులో కలిపితే తేలికదాన్ని కూడా ఆ వాదన పట్టుకుని ఆపేస్తుంది.

ఈసారి జవాబు మర్నాడే వచ్చింది. ఆయన ఆ ఐదు లైన్లు నడిపి True చూశాడు, హిందీలోనూ ఇలాగే అవుతుందా అని ఆయనే అడిగాడు. అవుతుంది, కారణం అదే. గుర్తుల వర్గాన్ని కూడా ఉంచుకునేలా ఆయన ఆ లైను మార్చాడు, నా రెండు పేర్లే అక్కడ టెస్టుగా చేరాయి.

కొత్త వెర్షన్ వచ్చేదాకా కొట్టు ఆగదు కదా, ఫైలు పేరు ముందు వరుస నెంబరు తగిలించాను. కొత్తది వచ్చాక తీసేద్దామంటే బాబాయి ఒప్పుకోలేదు. యార్డులో రావులు చాలామంది, నెంబరుంటేనే వెతకడం తేలికట.