ఎరువుల కొట్టుకు ఓడీ మేలా, క్యాష్ క్రెడిట్ మేలా?

పాలకొల్లు దగ్గర ఎరువుల కొట్టు ఉన్న మా మావయ్యకు సార్వా మొదలయ్యే ముందు డబ్బు కావాల్సి వచ్చింది. చేతిలో 10 లక్షల ఎఫ్‌డీ ఉంది. దాని మీద ఓవర్‌డ్రాఫ్ట్, అంటే ఓడీ అయితే 9 లక్షల వరకు 8 శాతం వడ్డీకి ఇస్తామన్నారు. స్టాకు, రైతుల నుంచి రావాల్సిన బాకీల మీద క్యాష్ క్రెడిట్ అయితే 15 లక్షలు, కానీ 11 శాతం. "ఏది తీసుకోమంటావురా?" అని నన్నడిగాడు.

వడ్డీ లెక్క రెండింటికీ ఒకటే. రోజు ముగిసేసరికి బ్యాంకుకు ఎంత బాకీ ఉంటే దాని మీదే వడ్డీ. జూన్ 1 నుంచి 10 దాకా 2 లక్షలు, 11 నుంచి 20 దాకా 5 లక్షలు, చివరి పది రోజులు లక్ష బాకీ ఉందనుకోండి. ఒక్కో బాకీని అది ఉన్న రోజులతో గుణించి కలిపితే 80 లక్షలు. దాన్ని వడ్డీ రేటుతో గుణించి 36,500తో భాగిస్తే 8 శాతానికి 1,753 రూపాయలు, 11 శాతానికి 2,411. నెల మొదటి, చివరి బాకీల సగటు తీస్తే మధ్యలో వాడిన 5 లక్షలు కనబడకుండా పోతాయి. ఈ పొరపాటు చాలామంది చేస్తారు.

క్యాష్ క్రెడిట్‌లో అసలు చిక్కు రేటు కాదు, డ్రాయింగ్ పవర్. అంటే అప్పటికి ఉన్న స్టాకు, రావాల్సిన బాకీలను బట్టి లిమిట్‌లో ఎంత వాడుకోవచ్చో బ్యాంకు కట్టే లెక్క. మన రైతు జూలైలో అరువుకు తీసుకెళ్లిన యూరియా డబ్బు కోతలయ్యాకే ఇస్తాడు. చాలా బ్యాంకులు 90 రోజులు దాటిన బాకీని లెక్కలోకే తీసుకోవు. అక్టోబర్ చివరికి కొట్లో 4 లక్షల సరుకు, ఊళ్లో 8 లక్షల పాత బాకీలు ఉంటే, సరుకు విలువలో బ్యాంకు అప్పివ్వకుండా వదిలేసే 25 శాతం మార్జిన్ పోగా వాడుకోగలిగేది 3 లక్షలే. ఆ సరుకుకు కంపెనీకి కట్టాల్సింది ఉంటే అదీ తీసేస్తారు. లిమిట్ 15 లక్షలని ధీమాగా ఇచ్చిన చెక్కు అప్పుడే తిరిగొస్తుంది.

అందుకే మావయ్యకు ఓడీయే తీసుకోమన్నాను. 9 లక్షలు చాలకపోతేనే రెండోది. అలా అవసరం వచ్చేది సరుకు దించుకునే జూన్, జూలైల్లోనే. అప్పటికి స్టాకు నిండుగా ఉంటుంది కాబట్టి డ్రాయింగ్ పవర్ కూడా బాగానే ఉంటుంది.

ఓడీ తీసుకున్నాక బ్యాంకులో జూన్ బాకీలు పై లెక్కలోలాగే నడిచాయి. పుస్తకాల్లో మాత్రం మావయ్య తన లెక్క ప్రకారం జూన్ వడ్డీ 1,951 రాసుకున్నాడు. బ్యాంకు వేసింది 1,753. చూస్తే, 3 లక్షల చెక్కు ఆయన 8వ తేదీన ఇచ్చి అదే రోజు రాశాడు, బ్యాంకులో పాసైంది 11న. మూడు రోజుల తేడాకు 198 రూపాయలు. వడ్డీకి స్టేట్‌మెంట్‌లోని తేదీలే పట్టుకోవాలి.

ఎంట్రీ జూన్ 30 తేదీతోనే పడాలి: బ్యాంకు వడ్డీ ఖాతా డెబిట్, ఓడీ ఖాతా క్రెడిట్, 1,753. ఎఫ్‌డీ మీద వచ్చే వడ్డీని ఇందులోంచి తగ్గించి రాయకూడదు. అది వేరే ఆదాయం, దానికి వేరే ఎంట్రీ. జూలైలో స్టేట్‌మెంట్ వచ్చాక ఆ నెల తేదీ వేసి రాస్తే జూన్ నిల్వ కలవదు. మార్చి 31న వేసిన వడ్డీని అలా రాస్తే ఖర్చు మరుసటి సంవత్సరానికి పోతుంది.