ముల్లుకు ఒక రక్షణ, కుక్కకాటుకు ఒక రక్షణ: ఏది మేలు?

రోగనిరోధక వ్యవస్థ పాఠం మొదలుపెట్టిన ప్రతి ఏడూ వెనుక బెంచీ నుంచి ఒకే ప్రశ్న వస్తుంది. "సార్, పుట్టుకతో వచ్చే రక్షణ గొప్పదా, తర్వాత సంపాదించుకునేది గొప్పదా?" కడపలో ఇన్నేళ్లుగా ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతున్నాను. రెండూ ముఖ్యమేనని రాయండి, మార్కులు వస్తాయి అని తప్పించుకోవడం నాకు అలవాటైపోయింది. ఈ వేసవిలో వారం తేడాతో రెండు గాయాలను దగ్గర నుంచి చూశాక ఆ జవాబు నాకే నచ్చడం మానేసింది. ఒక గాయం నాది, రెండోది పక్కింటి అవ్వ మనవడిది.

నాది మొదట చెబుతాను. పెన్న గట్టున నడుస్తుంటే సర్కారు తుమ్మ ముల్లు చెప్పును చీల్చుకుని మడమలో దిగింది. పెరికితే ముక్కాలు భాగం వచ్చింది, కొన లోపలే విరిగింది. సాయంత్రానికి చుట్టూ ఎర్రబడి వేడెక్కింది. మర్నాడు కాలు నేలకు ఆనితే సలుపు. మూడో రోజున చిన్న తెల్లని మొన తేలి, నొక్కితే చీముతో పాటు ముల్లు కొన కూడా బయటపడింది.

ఈ మూడు రోజుల పని అంతా పుట్టుకతో వచ్చే సహజ రక్షణదే. చర్మంలో కాపలా ఉండే మాస్ట్ కణాలు నిమిషాల్లో హిస్టమిన్ వదిలాయి, రక్తనాళాలు వెడల్పయ్యాయి; ఎరుపు, వేడి, వాపు అందుకే. గంటల్లో న్యూట్రోఫిల్ కణాలు రక్తంలో నుంచి గాయంలోకి దిగి, ముల్లుతో వచ్చిన బ్యాక్టీరియాను మింగి, తామూ చచ్చాయి. మనం అసహ్యంగా తుడిచేసే చీములో ఎక్కువ భాగం వాటి శవాలే. ఇవి తాము మింగే బ్యాక్టీరియా పేరు అడగవు. బ్యాక్టీరియా గోడల్లో సాధారణంగా ఉండే, మన ఒంట్లో ఉండని కొన్ని నమూనాలను పట్టే గ్రాహకాలు వాటికి తల్లిదండ్రుల జన్యువుల నుంచే వస్తాయి. అందుకే నేర్చుకునే పని లేదు, ఆలస్యమూ లేదు. వచ్చే ఏడు మళ్లీ ముల్లు గుచ్చుకుంటే మళ్లీ ఇంచుమించు ఇదే కథ నడుస్తుంది. టెటనస్ ఇంజెక్షన్ మాత్రం వేయించుకున్నాను. ఆ బ్యాక్టీరియా వదిలే విషాన్ని ఆపడం ఈ సేన వల్ల కాదు.

ఈ కణాల పని మొదట కళ్లారా చూసిన మనిషి కూడా ముల్లుతోనే చూశాడు. 1882లో ఇటలీలోని మెస్సీనాలో మెచ్నికోవ్ అనే రష్యా శాస్త్రవేత్త పారదర్శకంగా ఉండే నక్షత్ర చేప పిల్లల్లో గులాబీ ముళ్లు గుచ్చి పడుకున్నాడు. తెల్లవారి చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. 1890లో బెర్లిన్‌లో బేరింగ్, కిటసాటో ఇద్దరూ వేరే దారిన వెళ్లారు: టెటనస్‌ను తట్టుకున్న జంతువు నెత్తురులోని సీరం ఇంకో జంతువుకు ఎక్కిస్తే అదీ తట్టుకుంటుందని చూపారు. కణాలదే గొప్ప అని ఒక జట్టు, సీరంలోని పదార్థానిదే గొప్ప అని ఇంకో జట్టు చాలా ఏళ్లు పోట్లాడుకున్నాయి. 1908లో నోబెల్ కమిటీ మెచ్నికోవ్‌కు, సీరం పక్షపు ఎర్లిక్‌కు కలిపి బహుమతి ఇచ్చింది. రెండూ ముఖ్యమేనని రాయండి అనే నా జవాబుకు అంత పెద్ద ఆధారం ఉందన్నమాట.

ఇక రెండో గాయం. పక్కింటి పిల్లవాడికి తొమ్మిదేళ్లు, ఇరవై ఐదు కిలోలు. వీధి కుక్క పిక్క పట్టింది. మూడు పళ్ల గాట్లు, కాస్త నెత్తురు. అవ్వ కారం పొడి అద్దబోతే కోడలు చేయి పట్టుకుని ఆపి, కొళాయి కింద పెట్టి సబ్బుతో పావుగంట కడిగింది. ఆ అమ్మాయి ఆ పూట చేసిన పనుల్లో అదే అన్నిటికన్నా విలువైనది. రేబిస్ వైరస్‌కు పైన కొవ్వు పొర ఉంటుంది, సబ్బుకు అది కరిగిపోతుంది.

మర్నాటికి గాట్లు ఎండాయి. వాపు లేదు, ఎరుపు లేదు. "నీ ముల్లుకే అంత వాచింది నాయనా, వీడికి ఏమీ కాలేదు చూడు" అంది అవ్వ. ఇక్కడే మనం మోసపోతాం. వాపు అంటే సహజ రక్షణ మేలుకుందని గుర్తు. వాపు లేదంటే శత్రువు లేడని కాదు, అలికిడి లేకుండా వచ్చాడని కూడా కావచ్చు. రేబిస్ వైరస్ ఆ విద్యలో ఆరితేరింది. వైరస్ చొరబడిన కణం మామూలుగా ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థంతో చుట్టుపక్కల కణాలను హెచ్చరిస్తుంది. రేబిస్‌కు ఉన్నవే అయిదు ప్రొటీన్లు, వాటిలో ఒకటి ఆ హెచ్చరికను అణగదొక్కే పని కూడా చేస్తుంది. కండరం నుంచి నరం కొనలోకి, అక్కడి నుంచి మెల్లగా మెదడు వైపుకు. ఈ ప్రయాణానికి సాధారణంగా నెల నుంచి మూడు నెలలు పడుతుంది. ముల్లు దగ్గర అంత హడావిడి చేసిన సేన ఇక్కడ నిద్రపోతూ ఉంటుంది.

కాబట్టి తర్వాత సంపాదించుకునే ఆర్జిత రక్షణ కావాలి. దాన్ని టీకాతో మనమే మేలుకొలపాలి. చంపిన వైరస్‌ను రెండు జబ్బల చర్మంలో చెరొక చుక్కగా, 0.1 మిల్లీలీటర్ చొప్పున, మొదటి రోజున, ఆ తర్వాత మూడు, ఏడు, ఇరవై ఎనిమిదో రోజుల్లో వేస్తారు. చర్మంలోని డెండ్రైటిక్ కణాలు ఆ ముక్కలను మోసుకుని చంకలోని శోషరస గ్రంథికి వెళతాయి. బిళ్ల కట్టిందని మనం తడిమి చూసేది ఆ గ్రంథినే. అక్కడ ఆర్జిత రక్షణకు సైనికులైన టి కణాలు, బి కణాలు లక్షల కొద్దీ తిరుగుతుంటాయి. ప్రతి కణానికీ ఒకే ఒక తాళం చెవి, అది కూడా జన్యు ముక్కలు కలగాపులగంగా కలిసి పుట్టింది. రేబిస్ తాళానికి సరిపడే చెవి ఉన్న కణం లక్షల్లో ఏ ఒకటో ఉంటుంది. ముందు దాన్ని వెతికి పట్టాలి. సహాయక టి కణం ఒకటి మేలుకుని, అదే వైరస్‌ను పట్టుకున్న బి కణాన్ని గుర్తించి, కానివ్వు అనాలి. తర్వాత ఆ బి కణం రెండై, నాలుగై, వేలై, వాటిలో కొన్ని ప్లాస్మా కణాలుగా మారి, వైరస్‌కు అతుక్కుని ఆపే యాంటీబాడీలు కక్కాలి. ఒక్క ప్లాస్మా కణం సెకనుకు సుమారు 2,000 యాంటీబాడీలు వదలగలదు, కానీ ఆ స్థితికి చేరేసరికి వారం నుంచి పది రోజులు గడుస్తాయి.

నా దృష్టిలో తేల్చేది ఈ వారమే. ఏది బలమైనది అన్నది కాదు, ఏది ఎప్పటికి చేరుతుంది అన్నదే అసలు ప్రశ్న. సహజ రక్షణ గంటల్లో వస్తుంది, కానీ రేబిస్‌ను గుర్తుపట్టదు. ఆర్జిత రక్షణ గుర్తుపడుతుంది, కానీ వారం తర్వాత. ఈలోగా వైరస్ నరంలో దూరితే యాంటీబాడీకి అక్కడికి దారి లేదు. లోపలికి దూరిన వైరస్‌ల పని మామూలుగా చంపే టి కణాలు చూస్తాయి, సోకిన కణాన్నే చంపేసి. ఫ్లూలో ఊపిరితిత్తుల పొర మళ్లీ పెరుగుతుంది కాబట్టి సరిపోతుంది. నరాల విషయంలో ఆ బేరం కుదరదు. పైగా రేబిస్ లక్షణాలు మొదలయ్యాక బతికినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే.

అందుకే ఆసుపత్రిలో మూడో సంగతి చేశారు. జబ్బల మీద సూదులు వేశాక నర్సు పిక్క మీద గాట్ల లోపలికి, చుట్టూ మందు ఎక్కించసాగింది. పిల్లవాడి ఏడుపుకు వరండా మారుమోగింది. "చేతికి వేశారు కదా నాయనా, పుండులో మళ్లీ ఎందుకు పొడుస్తున్నారు?" అని అవ్వ నన్ను నిలదీసింది.

అది టీకా కాదు, తయారు చేసిపెట్టిన యాంటీబాడీలు. గుర్రాలకు టీకా వేసి వాటి నెత్తురు నుంచి తీసినవి, అచ్చంగా బేరింగ్ దారి. మోతాదు కిలోకు 40 యూనిట్లు, కాబట్టి వాడికి 1,000. సీసాలో మిల్లీలీటరుకు 300 యూనిట్లు ఉంటే దాదాపు 3.3 మిల్లీలీటర్లు. ఇంచుమించు అంతా పిక్కలోనే పట్టింది. చేతికి వేస్తే ఒళ్లంతా పలచబడిపోతుంది. వైరస్ ఉన్నది పిక్కలో, నరంలోకి దూరకముందే దాన్ని అక్కడే అతుక్కుని ఆపాలి. భద్రంగా ఉంటుందని ఇంకాస్త ఎక్కువ వేయకూడదు కూడా, అరువు యాంటీబాడీలు మరీ ఎక్కువైతే టీకాకు సొంత బి కణాలు స్పందించడం తగ్గుతుంది. మొదటి టీకా వేసి ఏడు రోజులు దాటితే ఇక ఈ మందు వేయరు, అప్పటికి సొంత ఉత్పత్తి మొదలై ఉంటుంది కాబట్టి. ఆ ఏడు రోజుల గడువులోనే రెండు రక్షణల తేడా మొత్తం ఉంది. అరువుది కొన్ని వారాల్లో కరిగిపోతుంది, జ్ఞాపకం మిగల్చదు.

మార్కుల సంగతి పక్కన పెట్టి నన్ను అడిగితే, నా మొగ్గు ఆర్జిత రక్షణ వైపే. కారణం యాంటీబాడీలు కాదు, జ్ఞాపకం. టీకా పూర్తయ్యాక మిగిలిపోయే జ్ఞాపక బి కణాలు, టి కణాలు ఏళ్ల తరబడి ఉంటాయి. ఈ పిల్లవాణ్ని రెండేళ్ల తర్వాత ఇంకో కుక్క కరిచినా వెతుకులాట ఉండదు, యాంటీబాడీలు కొద్ది రోజుల్లోనే పైకి లేస్తాయి. అప్పుడు మొదటి రోజు, మూడో రోజు టీకాలు చాలు, గాయంలో గుర్రం మందు అక్కరలేదు. ముల్లు గుచ్చుకున్న నా మడమకు ఆ సౌకర్యం ఎన్నటికీ రాదు.

ఒక్క విషయంలో మాత్రం నా మొగ్గు తూలుతుంది. సహజ రక్షణ నుంచి ప్రమాద సంకేతం అందనిదే డెండ్రైటిక్ కణం టి కణాన్ని సరిగా లేపలేదు. 1989లో చార్లెస్ జేన్‌వే అనే అమెరికా శాస్త్రవేత్త ఈ మాట ఊహించి చెప్పాడు. నేను వేయించుకున్న టెటనస్ టీకాలో అల్యూమినియం లవణం కలిపేది కూడా ఆ సేనను కాస్త గిల్లడానికే. సూది వేసిన చోట రెండు రోజులు సలిపేది ఆ గిల్లుడే.

సహజ రక్షణ సేనలో సహజ కిల్లర్ కణాలు, కాంప్లిమెంట్ ప్రొటీన్లు కూడా ఉన్నాయి. ఈ రెండు గాయాల్లో వాటిని వేరుగా లెక్కపెట్టాల్సిన అవసరం లేదు. ఇమ్యూనిటీ పెంచుతామని అమ్మే పొడులు ఏ సేనను పెంచుతాయో డబ్బా మీద రాయరు.

ఇరవై ఎనిమిదో రోజు టీకా అయ్యాక అవ్వ టీకా కార్డు తెచ్చి నా చేతికిచ్చింది. "ఇంక దీంతో పనిలేదు కదా?" అంది. ఉంది అవ్వా, మళ్లీ ఎప్పుడైనా కుక్క కరిస్తే పుండులో పొడవాలా వద్దా అని డాక్టరు అడిగేది దీన్నే అన్నాను. కార్డును నాలుగు మడతలు పెట్టి రేషన్ కార్డు కవరులో దోపుకుని వెళ్లింది.