రాఖీ పార్సిళ్ల మెసేజ్ సెట్: కొన్ని సీజన్లు వాడాక నా సమీక్ష

విజయవాడలో వదినా నేనూ కలిసి అక్కచెల్లెళ్ల దగ్గర ఆర్డర్లు తీసుకుని, రాఖీ గిఫ్ట్ బాక్సులు కట్టి వేరే ఊళ్లలో ఉన్న వాళ్ల అన్నదమ్ములకు పంపుతుంటాం. ప్రతి శ్రావణానికీ మెసేజ్‌లు కొత్తగా రాసుకునే తీరిక లేక, తెలుగులో తయారుచేసిన ఒక ప్రచార సెట్ కొన్నాం. అందులో వాట్సాప్ మెసేజ్‌లు, స్టేటస్ కార్డులు, వెబ్‌సైట్ బ్యానర్, "ఆఖరి తేదీల బోర్డు" ఉన్నాయి. అప్పటి నుంచి ఏటా అదే వాడుతున్నాం. ఇందులో డబ్బుకు తగ్గ విలువ తేదీల బోర్డులోనే ఉంది. మిగతావి బాగానే ఉన్నాయి కానీ, అవి లేకపోయినా పని ఆగదు.

"దూరమెంతైనా బంధం దగ్గరే" లాంటి కార్డులకు హార్ట్‌లు చాలా వస్తాయి, ఆర్డర్లు మాత్రం తక్కువ. ఊరి పేరు, తేదీ కలిపి పెట్టిన మెసేజ్‌కి అక్కలు వెంటనే బదులిస్తారు. "పుణెకి ఇంకా టైముందా అండీ?" అని అడిగేవాళ్లకి కావలసింది కవిత్వం కాదు, ఒక తేదీ.

బోర్డు మూడు తేదీలను విడివిడిగా చూపిస్తుంది: మీరు ఆర్డర్ ఇవ్వాల్సిన తేదీ, మేం కొరియర్‌కి అప్పగించే తేదీ, తమ్ముడికి చేరాల్సిన తేదీ. చాలా ప్రకటనల్లో "ఆఖరి తేదీ ఫలానా" అని ఒకే మాట ఉంటుంది. అది ఆర్డర్‌కా, పంపడానికా అన్నది చదివేవాళ్లు తమకు అనుకూలంగా అనుకుంటారు. ఆ రాత్రి పదకొండుకి ఆర్డర్ పెట్టి, రేపే బండెక్కుతుందని నమ్ముతారు. మా బోర్డులో ఆర్డర్ తేదీ పక్కన "సాయంత్రం 6 లోగా" అని ఉంటుంది కాబట్టి ఈ గొడవ రాదు.

తేదీలు మాత్రం సెట్‌లో నింపి ఇవ్వరు, ఎవరి ఊరి నుంచి వాళ్లు లెక్క వేసుకోవాలి. 2026కి మేం వేసిన లెక్క చెబుతాను. ఆ ఏడాది రాఖీ ఆగస్టు 28, శుక్రవారం. పౌర్ణమి తిథి ఆ ఉదయం పది లోపే వెళ్లిపోతుంది, కాబట్టి తిథి చూసుకునే ఇళ్లలో రాఖీ పొద్దున్నే కట్టేస్తారు. 28 మధ్యాహ్నం చేరిన పార్సిల్ వాళ్లకు ఆలస్యమైనట్టే. అందుకే చేరాల్సిన తేదీని 27 గురువారంగా పెట్టుకుని వెనక్కి లెక్కపెట్టాం. 26 బుధవారం మిలాద్ సెలవు, కేరళలో అదే రోజు తిరువోణం. 23 ఆదివారం. ఈ రెండు రోజులూ పార్సిల్ కదలదనే అనుకోవాలి.

మా అనుభవంలో విజయవాడ నుంచి గువాహటికి మామూలుగా ఆరు పనిదినాలు పడుతుంది. వానాకాలం కాబట్టి అదనంగా రెండు కలిపి ఎనిమిది పెట్టుకుంటాం. 27, 25, 24, 22, 21, 20, 19, 18 కలిపి ఎనిమిది పనిదినాలు. అంటే కొరియర్‌కి ఇవ్వాల్సింది 17 సోమవారం. సెలవులు తీయకుండా 27లోంచి ఎనిమిది తీసేస్తే 19 వస్తుంది. ఆ రెండు రోజుల తేడాలోనే పండగ దాటిపోతుంది. పుణె, ముంబయి, ఢిల్లీలకు ఇదే పద్ధతిలో అయిదు పనిదినాలు పెడితే 20 గురువారం, బెంగళూరుకు నాలుగు పెడితే 21 శుక్రవారం, హైదరాబాద్‌కు మూడు పెడితే 22 శనివారం వచ్చాయి. ఈ పనిదినాలు మేం పంపే కొరియర్‌ని బట్టి వేసినవి. మీ ఊరి నుంచి గత సీజన్‌లో ఎంత పట్టిందో మీ ట్రాకింగ్ చూసుకుని మార్చుకోవాలి.

ఫోటో మగ్ లాంటి బహుమతికి బోర్డులో వేరే వరుస ఉంటుంది, అది తప్పకుండా వాడాలి. గువాహటి మగ్‌నే తీసుకోండి. 17న పంపాలి, 15 స్వాతంత్ర్య దినోత్సవం, 16 ఆదివారం. ప్రింట్‌కి రెండు రోజులు కావాలి కాబట్టి 13, 14 తేదీల్లోనే అయిపోవాలి. అంటే ఆర్డర్ 12 బుధవారం సాయంత్రానికే చేతిలో ఉండాలి. పండగ 28న అయితే ఆఖరి తేదీ 12 అంటే నమ్మబుద్ధి కాదు. అందుకే ఆ వరుస కింద "15, 16 సెలవులు" అని కారణం కూడా రాస్తాం. కారణం కనిపిస్తే ఎవరూ వాదించరు.

ఇవన్నీ కలిసి మెసేజ్ ఇలా తయారవుతుంది:

"అక్కా, తమ్ముడు పుణెలో ఉన్నాడా? ఆగస్టు 19 బుధవారం సాయంత్రం 6 లోగా ఆర్డర్ ఇవ్వండి. 20న కొరియర్‌కి ఇస్తాం. 27 గురువారానికల్లా చేరేలా ఈ తేదీ పెట్టాం. పార్సిల్ మీద వేయడానికి తమ్ముడి ఫోన్ నంబరు పంపండి, మీది కాదు."

ఆ చివరి వాక్యం సెట్‌లో లేదు, మేం కలిపాం. అక్కలు అలవాటుగా తమ నంబరే ఇస్తారు. డెలివరీ బాయ్ పుణెలో గేటు దగ్గర నిలబడి విజయవాడకు ఫోన్ చేస్తాడు, ఓటీపీ కూడా ఇక్కడికే వస్తుంది. ఆమె వంటింట్లో ఉండి ఫోన్ ఎత్తకపోతే పార్సిల్ వెనక్కి వెళ్లి మళ్లీ మర్నాడే బయలుదేరుతుంది. తమ్ముడు హాస్టల్లోనో పీజీలోనో ఉంటే గది నంబరు కూడా అడగాలి.

సెట్‌లో నాకు అస్సలు నచ్చనిది "మీ రాఖీ బయలుదేరింది!" అన్న మెసేజ్. లేబుల్ ప్రింట్ కాగానే అది పంపేయమని సూచనల్లో ఉంది. లేబుల్ అంటించినా బాక్సు ఇంకా మా బల్ల మీదే ఉంటుంది. ఒక సీజన్‌లో ఒక కొరియర్ బండి చెప్పిన రోజు రాలేదు. ట్రాకింగ్‌లో లేబుల్ తయారైందన్న ఒక్క వరుస తప్ప ఏమీ లేదు. బ్రాంచిలో మొదటి స్కాన్ పడితేనే పార్సిల్ నిజంగా వాళ్ల చేతికి వెళ్లినట్టు. అప్పటి నుంచి ఆ స్కాన్ చూశాకే "బయలుదేరింది" అని పంపుతున్నాం, సాయంత్రానికి స్కాన్ పడకపోతే మేమే బ్రాంచికి తీసుకెళ్లి ఇచ్చి వస్తున్నాం.

"ఇంకా రెండు రోజులే!" కార్డు విషయంలోనూ జాగ్రత్త. అది అందరికీ ఒకేసారి పంపేలా చేశారు. గువాహటి తేదీ దాటిపోయాక కూడా గువాహటి అక్కకు అదే వెళ్తే, ఆమె ఆశగా డబ్బు కట్టేస్తుంది. పోయినేడు పంపిన చిరునామాలను బట్టి జాబితాను ఊళ్లవారీగా విడగొట్టుకుని, ఏ ఊరికి తేదీ దాటితే ఆ ఊరి వాళ్లను అందులోంచి తీసేయాలి. కొంచెం పనే, కానీ తప్పదు.

తేదీ దాటినవాళ్లకు ఏం చెప్పాలో సెట్‌లో ఒక్క ముక్క లేదు, ఇది పెద్ద లోటు. మేం రాసుకున్నది ఇది: "గువాహటికి 28లోపు చేరే తేదీ దాటిపోయింది. ఇప్పుడు పంపితే పండగ తర్వాతే చేరుతుంది. మీ ఇంట్లో కృష్ణాష్టమి వరకూ రాఖీ కట్టే అలవాటు ఉంటే సెప్టెంబరు 4కి చేరేలా పంపుతాం. లేదంటే ఈ ఏడాదికి వద్దని చెప్పండి, డబ్బు తీసుకోం." ఈ మెసేజ్ చదివి వద్దన్నవాళ్లూ ఉన్నారు, కృష్ణాష్టమికే పంపమన్నవాళ్లూ ఉన్నారు. వద్దన్నవాళ్లలో చాలామంది మరుసటి ఏడాది మొదటి మెసేజ్‌కే ఆర్డర్ ఇచ్చారు.