నెల వడ్డీయా, చక్రవడ్డీయా: 5 లక్షల ఎఫ్‌డీలు రెండు, ఐదేళ్ల తర్వాత లెక్క

2019 జూన్‌లో మా నాన్న రిటైరైన డబ్బులో పది లక్షలు తెనాలిలో ఇంటి దగ్గరున్న బ్యాంకులో వేశాం. ఒకే రోజు, ఒకే రేటు, రెండు బాండ్లు. సీనియర్ సిటిజన్లకి ఇచ్చే అదనపు అర శాతం కలుపుకుని 7 శాతం, ఐదేళ్లకి. ఒక ఐదు లక్షలకి వడ్డీ నెల నెలా ఖాతాలో పడేలా పెట్టారు. అది నాన్న పట్టు, "నెలకింత చేతిలో పడితేనే అది వడ్డీరా" అంటారు. రెండో ఐదు లక్షలు మాత్రం నేను బతిమాలి క్యుములేటివ్‌లో వేయించాను, అంటే వడ్డీ బయటికి రాకుండా అసలులోనే కలిసిపోయేది. 2024 జూన్‌లో రెండూ చేతికొచ్చాయి, అందుకే ఇప్పుడు ఉజ్జాయింపులు కాకుండా పాస్‌బుక్కులు ముందు పెట్టుకుని రాస్తున్నాను.

ముందు బాండ్ల మీద ఉన్న అంకెలు. క్యుములేటివ్ దానికి మూడు నెలలకోసారి 1.75 శాతం చొప్పున వడ్డీ కలుస్తుంది, ఐదేళ్లలో ఇరవైసార్లు, చివరికి 7,07,389. నెల వడ్డీ దానికి నెలకి 2,900, అరవై నెలలకి 1,74,000, ఆపైన అసలు ఐదు లక్షలు, మొత్తం 6,74,000. తేడా 33 వేల చిల్లర.

ఇక్కడ నాన్నకి మొదటి నెలలోనే ఒక అనుమానం వచ్చింది. ఐదు లక్షలకి 7 శాతమంటే ఏడాదికి 35 వేలు, పన్నెండుతో భాగిస్తే 2,916 రావాలి కదా, మరి 16 రూపాయలు ఎవరు తిన్నారు అని. ఎవరూ తినలేదు. బ్యాంకు వడ్డీ లెక్క మూడు నెలలకోసారి, 8,750. దాన్ని మూడు ముక్కలు చేసి మొదటి ముక్క రెండు నెలల ముందు, రెండోది ఒక నెల ముందు ఇచ్చేస్తున్నారు కాబట్టి ఆ ముందుగా ఇచ్చినందుకు కాస్త కోసుకుంటారు. మన పాత లెక్కలో చెప్పాలంటే నూటికి 58 పైసల వడ్డీ, ఐదు లక్షలకి సరిగ్గా 2,900. అలా చెప్పాకే ఆయనకి నమ్మకం కుదిరింది.

క్యుములేటివ్ గురించి కౌంటర్లో ఉన్నాయన ఇంకో మాట అన్నాడు, "సార్, ఇది మీకు ఏడాదికి 8.3 శాతం పడుతుంది" అని. అది 2,07,389 వడ్డీని ఐదుతో భాగించి అసలుతో పోల్చిన అంకె. లెక్క తప్పు కాదు గానీ చక్రవడ్డీని బారువడ్డీలా చూపించడం అది, రెండేళ్లకే ఎఫ్‌డీ తీసేస్తే ఆ 8.3 కనపడదు. నిజానికి ఏడాదికి పడేది 7.19. బ్యాంకు కాగితం మీద రేటు పక్కన ఇంకో పెద్ద రేటు కనపడితే అది ఎన్నేళ్ల మొత్తాన్ని భాగిస్తే వచ్చిందో అడగండి.

ఇప్పుడు అసలు సంగతి. ఆ 33 వేల తేడా పూర్తిగా వడ్డీ మీద వచ్చిన వడ్డీయే. అంటే నెలకొచ్చే 2,900ని మనం కూడా అదే 7 శాతానికి ఎప్పటికప్పుడు ఎక్కడైనా వేయగలిగితే తేడా దాదాపు సున్నా అవుతుంది. వేయగలిగితే, అదే చిక్కు. నాన్నకి పెన్షన్‌తో ఇల్లు గడిచిపోయేది, ఆ 2,900 మొదటి రెండేళ్లు ఎవరూ ముట్టుకోలేదు, సేవింగ్స్ ఖాతాలో 2.7 శాతానికి పడి ఉంది. నేను 2021లో పాస్‌బుక్ చూసి, "నాన్నా, ఖర్చు పెట్టనప్పుడు నెల వడ్డీ ఎందుకు?" అని గొడవపడి, ఆ రోజు నుంచి నెలకి 2,900 చొప్పున మూడేళ్లకి ఆర్‌డీ కట్టించాను. కానీ అప్పటికి రేట్లు పడిపోయాయి. రిజర్వు బ్యాంకు రెపో రేటు 2019 జూన్‌లో 5.75 ఉంటే 2020 మేలో 4కి దిగింది, ఆర్‌డీకి మాకు దొరికింది 5.5. క్యుములేటివ్ బాండులో మాత్రం కలిసిన ప్రతి వడ్డీ రూపాయికీ 2019 నాటి 7 శాతమే నడిచింది. రేటు కట్టేసినది అసలుకే కాదు, రాబోయే వడ్డీకి కూడా అన్నమాట. ఇది నేను ముందు ఆలోచించి చేసింది కాదు, కలిసొచ్చింది. రేట్లు పెరిగే కాలమైతే నెల వడ్డీని పై రేటుకి వేసుకున్నవాళ్లే లాభపడతారు.

మా లెక్క చివరికి ఇలా తేలింది: మొదటి రెండేళ్ల 69,600 అలాగే సేవింగ్స్‌లో ఉండి ఐదేళ్లు నిండేసరికి 77,450 అయింది, ఆర్‌డీ నుంచి 1,13,700 వచ్చింది, అసలు ఐదు లక్షలు, మొత్తం 6,91,150. అంటే కాగితం మీద 33 వేలున్న తేడా మా ఇంట్లో 16 వేలకి తగ్గింది. మొదటి నెల నుంచే ఆర్‌డీ పెట్టి ఉంటే ఇంకా తగ్గేది.

చిరాకు పెట్టింది టీడీఎస్, అంటే వడ్డీలోంచి బ్యాంకు ముందే కోసి కట్టేసే పన్ను. రెండు బాండ్ల వడ్డీ కలిపి ఏడాదికి 70 వేలు దాటుతుంది, అప్పట్లో సీనియర్ సిటిజన్లకి హద్దు 50 వేలు, కాబట్టి పన్ను కోయొద్దని చెప్పే 15 హెచ్ ఫారం ఏటా బ్యాంకుకి ఇవ్వాల్సి వచ్చేది. 2022-23లో ఇవ్వడం మరిచిపోయాం. నెల వడ్డీ ఎఫ్‌డీ అయితే వెంటనే తెలిసిపోవాలి నిజానికి, ఎందుకంటే 2,900 బదులు 2,610 పడుతుంది, కానీ మెసేజ్‌లు నాన్న ఫోన్‌కి వస్తాయి, ఆయన చూడరు, నేను మార్చిలో గానీ చూడలేదు. క్యుములేటివ్‌లో అయితే అసలు ఏమీ కనపడదు. లోపల్లోపల వడ్డీ కలిసినప్పుడల్లా పది శాతం కోసుకుపోతుంది, కోసిన దాని మీద తర్వాతి వడ్డీ కూడా పోతుంది. అందుకే బాండు మీద 7,07,389 అని ఉన్నా చేతికొచ్చింది దాదాపు 4,900 తక్కువ. రిటర్ను వేస్తే కోసిన 4,360 వెనక్కొచ్చింది, వడ్డీ నష్టం ఐదు వందల చిల్లరే. కానీ ఆ తక్కువ ఎందుకో తెలియక కౌంటర్ దగ్గర అరగంట వాదించాను, తప్పు మాదే. ఇంకోటి, క్యుములేటివ్‌లో వడ్డీ చేతికి రాకపోయినా ఏ ఏడాది వడ్డీ ఆ ఏడాది ఆదాయంలో చూపించుకుంటూ పోతే మంచిది, చివర్లో రెండు లక్షలూ ఒకేసారి చూపిస్తే, కోసిన పన్ను లెక్క ఏ ఏటికాయేడు ఉండే పన్ను శాఖ వారి 26ఏఎస్‌తో పొంతన కుదరదు.

మధ్యలో తీసేసే అవకాశముంటే నెల వడ్డీతో జాగ్రత్త. మా బాబాయి అలాంటిదే ఐదు లక్షల ఎఫ్‌డీ పద్నాలుగో నెలలో తీశాడు. ఏడాది కాలానికున్న 6.5లోంచి ఒక శాతం జరిమానా తీసి 5.5 లెక్కగట్టారు. అప్పటికే 7 చొప్పున 40,600 తీసుకుని ఉన్నాడు, రావాల్సింది 32 వేలే, మిగతా ఎనిమిదిన్నర వేలు అసలులోంచి పట్టుకున్నారు. అసలే తగ్గింది అని ఇంటికొచ్చి కూర్చున్నాడు పాపం.

నెలనెలా మందులకో అద్దెకో ఆ డబ్బే కావాల్సినవాళ్లకి నెల వడ్డీ తప్పు కాదు, 33 వేలు పోయిందని బాధపడక్కర్లేదు, ఆ డబ్బు వాడుకున్నారు. సేవింగ్స్‌లో వదిలేసేవాళ్లకే అది దండగ. 2024లో మళ్లీ వేసేటప్పుడు నాన్న మూడు లక్షలు నెల వడ్డీకి, మిగతాది క్యుములేటివ్‌కి ఒప్పుకున్నారు. నెల వడ్డీ మొదటి రోజు నుంచే ఆర్‌డీకి వెళ్తోంది. 15 హెచ్ సంగతి మాత్రం నా మీద నమ్మకం లేక, అమ్మ ఏటా ఏప్రిల్ క్యాలెండర్ కాగితం మీద రాసి పెట్టుకుంటోంది, పాలవాడి లెక్క పక్కనే.