రౌటర్ పవర్ తగ్గించాలా, ఫోన్‌ని తరిమేయాలా?

బెంగళూరు మారతహళ్ళిలో అక్కావాళ్ళది రెండంతస్తుల ఇల్లు. వైఫై రౌటర్ కింద హాల్లో ఉంది. పైన బావ ఆఫీసు గది బయట వైఫై ఇచ్చే ఇంకో పెట్టె, అంటే యాక్సెస్ పాయింట్ పెట్టి, కింద నుంచి కేబుల్ లాగారు. రెండింటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్. అయినా బావ ఐఫోన్ పట్టుకుని మెట్లెక్కి పైకి వచ్చాక మీటింగ్‌లో అవతలివాళ్ళు "మీ మాట తెగిపోతోంది" అనేవారు. ఆయనకు మాత్రం వాళ్ళ గొంతు బాగానే వినిపించేది.

తప్పు ఎక్కడుందో ఆ ఒక్క మాటతోనే తెలిసిపోతుంది. రౌటర్ గొంతు పెద్దది, ఫోన్ గొంతు చిన్నది. కింది రౌటర్ అరిస్తే పై గదిలోకి వినబడుతుంది, ఫోన్ బదులిస్తే స్లాబ్ దాటి కిందికి సరిగా చేరదు. తెర మీద గీతలు చూసి సిగ్నల్ ఉందనుకుంటాం.

రౌటర్ పేజీలో ఎవరు దేనికి కనెక్టయ్యారో చూశాను. బావ ఫోన్ పైన ఉండి కూడా కింది రౌటర్ 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌నే పట్టుకుని ఉంది. ఆ గదిలో కొలిస్తే కింది సిగ్నల్ మైనస్ 67 డీబీఎం, పైది మైనస్ 48. సున్నాకి ఎంత దగ్గరైతే అంత బలం కాబట్టి పైదే ఎంతో మేలు. కానీ ఎప్పుడు మారాలో నిర్ణయించేది రౌటర్ కాదు, ఫోన్. యాపిల్ చెప్పిన లెక్క ప్రకారం ఐఫోన్ మైనస్ 70 కంటే దిగజారేదాకా వేరేదాని కోసం వెతకదు. 67 దగ్గర దానికి ఏ బాధా లేదు, పక్కనే మంచిది ఉందన్న సంగతే తెలియదు. మిగతా ఫోన్లకూ ఇలాంటి గీత ఉంటుంది, అంకె మాత్రం ఒక్కో ఫోన్‌కి ఒక్కోలా ఉంటుంది.

బావ ముందు ఎంచుకున్నది తరిమేసే దారి. రెండు పెట్టెల్లోనూ Minimum RSSI అనే సెట్టింగ్ ఉంది. మైనస్ 65 పెడితే, అంతకంటే బలహీనంగా వినబడిన ఫోన్‌ని రౌటరే తెంపేస్తుంది. గదిలో పని చేసింది, కానీ మెట్ల మీద మారే ప్రతిసారీ కాల్ రెండు మూడు సెకన్లు ఆగేది, ఎందుకంటే అది మారడం కాదు, గెంటించుకుని మళ్ళీ చేరడం. అసలు గొడవ సాయంత్రం వచ్చింది. మావయ్యగారు టెర్రస్ మీద నడుస్తూ అమెరికాలో ఉన్న కూతురితో మాట్లాడతారు. అక్కడ పై పెట్టె సిగ్నల్ కూడా మైనస్ 72. వెళ్ళడానికి వేరే చోటు లేని ఫోన్‌ని రౌటర్ తెంపడం, అది మళ్ళీ చేరడం, మళ్ళీ తెంపడం! "ఈ కొత్త డబ్బా కంటే పాతదే నయం కదరా" అన్నారు. నాకూ అదే అనిపించింది.

అది తీసేసి, కింది రౌటర్‌లో 2.4 పవర్‌ని 20 డీబీఎం నుంచి 14కి దించాను. ఆరు తగ్గిస్తే పై గదిలో 67 కాస్తా 73 అవుతుంది, ఫోన్ ఆ మైనస్ 70 గీత దాటుతుంది, వెతుకుతుంది. కాల్ నడుస్తుండగా కొత్తది కనీసం 8 డీబీ మెరుగ్గా ఉంటేనే ఐఫోన్ మారుతుంది. ఇక్కడ తేడా 25, ఇక సందేహమే లేదు. 5 గిగాహెర్ట్జ్ జోలికి పోలేదు, అది ఎలాగూ స్లాబ్ దాటలేకపోతోంది. రౌటర్ గొంతు తగ్గిస్తే ఫోన్ గొంతుకి దగ్గరగా వస్తుంది కాబట్టి కింద కూడా ఎవరికీ తేడా తెలియలేదు. ఒక్క గేటు దగ్గరి కెమెరా మాత్రం నత్తి పెట్టింది. దాన్ని ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చేస్తే బాల్కనీ వైపు నుంచి పై పెట్టెని పట్టుకుంది.

మెష్ సెట్లు అమ్మేవాళ్ళు చెప్పే 802.11k, 802.11v అనే సెట్టింగుల సంగతి కూడా చూశాం. మొదటిది చుట్టుపక్కల ఏ పెట్టెలున్నాయో ఫోన్‌కి జాబితా ఇస్తుంది, రెండోది "అటు వెళ్ళు" అని సూచిస్తుంది. వెళ్ళాలని ఫోన్ అనుకోకపోతే వెళ్ళదు. పవర్ తగ్గించాక ఇవి ఆన్ చేస్తే మార్పు త్వరగా జరుగుతుంది, పవర్ అలాగే ఉంచి వీటి మీదే ఆధారపడితే బావ ఫోన్‌లో పెద్ద తేడా రాలేదు. మారేటప్పుడు మళ్ళీ చేరడాన్ని త్వరగా ముగించే 802.11r ఆన్ చేస్తే అక్క పాత ప్రింటర్ కనెక్టవడం మానేసింది, వెంటనే తీసేశాం.

పైకి ఒక పేరు, కిందికి ఒక పేరు పెట్టడం కదలని టీవీకి సరిపోతుంది. జేబులో తిరిగే ఫోన్‌కి మాత్రం ప్రతిసారీ చేత్తో మార్చుకోవాలి, మావయ్యగారు మార్చరు.

తరిమే సెట్టింగ్ తప్పనిసరైతే మైనస్ 80 దగ్గర పెట్టుకోండి, టెర్రస్ మీద నిలబడి కొలిచాకే. నేను దాన్ని ఆఫ్‌లోనే ఉంచాను.