తక్‌పట్టీ ప్రింటు దగ్గర తేలిన లెక్క: రెండేళ్ల ఫ్లట్టర్, నూటయాభై లైన్ల కోట్లిన్

ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింటికీ యాప్ వస్తుంది, బోలెడు పని ఆదా అని మొదటి ఆరు నెలలు అడిగినవాడికీ అడగనివాడికీ ఫ్లట్టర్ తీసుకోమని చెప్పాను. ఇప్పుడు ఎవరైనా అడిగితే ముందు ఒకటే అడుగుతున్నా: మీ యాప్ ఫోన్ బయట ఉన్న ఏ వస్తువుతోనైనా మాట్లాడాలా?

మాది హనుమకొండలో ముగ్గురి పని. నేను, వెబ్ పని తెలిసిన ఇంకో కుర్రాడు, హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాల్లో కాజీపేట రైలెక్కి వచ్చే మా బావమరిది. ఆండ్రాయిడ్ యాప్‌లు నేరుగా రాసే కోట్లిన్ భాష వచ్చింది అతనొక్కడికే. 2023లో ఏనుమాముల మార్కెట్‌లోని కొందరు అడ్తిదారుల కోసం యాప్ మొదలుపెట్టాం. కాంటా అయిన బస్తాల తూకం, ధర, హమాలీ ఖర్చు ఎక్కిస్తే బ్లూటూత్ ప్రింటర్ మీద రైతు చేతికి తక్‌పట్టీ అనే లెక్కల చీటీ రావాలి. అంతే.

వారంలో మూడు రోజులు కూడా పూర్తిగా దొరకని మాకు ఫ్లట్టర్ స్క్రీన్లు గబగబా తయారుచేసి పెట్టింది. మార్పు సేవ్ చేయగానే ఫోన్‌లో కనిపిస్తుంది. గుమస్తా పక్కన కూర్చుని "ఈ డబ్బా పైకి జరుపు" అంటే అక్కడికక్కడే జరిపేవాళ్లం. ఆ సుఖం ఇప్పటికీ తగ్గలేదు, దాన్ని కాదనను.

తెలుగు ప్రింటు దగ్గరా ఫ్లట్టర్ మంచి పేరే తెచ్చుకుంది. రెండంగుళాల చవక ప్రింటర్లలో తెలుగు అక్షరాలుండవు. మామూలు అక్షరాల్లాగే పంపిస్తే మొదటి రోజు చీటీ మీద చైనా లిపి వచ్చింది. "గిదేందన్నా, రైతు పేరు చైనాల కొట్టిండు" అని గుమస్తా నవ్వు. అందుకని చీటీ మొత్తాన్ని బొమ్మగా గీసి, నలుపు తెలుపు చుక్కలుగా మార్చి పంపాలి. `TextPainter` వత్తులు, గుణింతాలు ఎక్కడా చెదరకుండా గీసింది. రెండు చోట్ల మాత్రం దెబ్బ తిన్నాం. కాన్వాస్‌కు ముందుగా తెల్లరంగు పూయకపోతే, ఖాళీ చోటు కూడా నలుపుగా లెక్కలోకి వచ్చి చీటీ అంతా మసి. ఇక నలుపు 0, తెలుపు 255 అనుకుంటే, 128 కంటే ముదురుగా ఉన్నదే నలుపు అని గీత గీస్తే సన్నటి వత్తులు మాయమయ్యాయి. 180కి పెంచాక "మల్లయ్య" మల్లయ్యగానే వచ్చాడు.

ఇక నా కోపం సంగతి. చుక్కలను ప్రింటర్‌కు చేర్చే పని ఫ్లట్టర్‌ది కాదు. దానికొక ప్లగిన్ కావాలి. ఎవరో ఎప్పుడో రాసిపెట్టినదాన్ని తెచ్చుకున్నాం. మేం తెచ్చుకున్న దాన్ని రాసినాయన అప్పటికే దాన్ని పట్టించుకోవడం మానేశాడని తర్వాత తెలిసింది.

2024 ఆగస్టు 31 తర్వాత అప్‌డేట్ ఇవ్వాలంటే యాప్ ఆండ్రాయిడ్ 14ను, అంటే `targetSdk 34`ను లక్ష్యంగా పెట్టుకోవాలని ప్లే స్టోర్ నిబంధన. ఆ సందర్భంలో ఫ్లట్టర్‌నీ, ఆండ్రాయిడ్ బిల్డ్ సామగ్రినీ కొత్త వెర్షన్లకు పెంచాను. బిల్డ్ ఇలా ఆగింది:

```
Namespace not specified. Specify a namespace in the module's build file.
```

ఆండ్రాయిడ్ గ్రేడిల్ ప్లగిన్ 8 నుంచి ప్రతి మాడ్యూల్ తన `namespace`ను బిల్డ్ ఫైల్‌లో స్వయంగా చెప్పాలి. పాత ప్లగిన్ దాన్ని మ్యానిఫెస్ట్‌లోనే వదిలేసింది. నా లాప్‌టాప్‌లో ప్లగిన్ దాచుకున్న ఫోల్డర్‌లోకి వెళ్లి ఒక లైను చేర్చాను, బిల్డ్ అయింది, పడుకున్నాను. మర్నాడు కుర్రాడి లాప్‌టాప్‌లో అదే ఎర్రర్. దిద్దింది నా మెషిన్‌లో మాత్రమే కదా! చివరికి ప్లగిన్‌ను మా ప్రాజెక్టులోకే కాపీ చేసుకుని `path`తో చూపించాం. ఆ రోజు నుంచి దాన్ని కాపాడే బాధ్యత మాదైంది.

అసలు దెబ్బ 2025లో, మిర్చి సీజన్ నడిమధ్య. ఫ్లట్టర్ 3.29కి పెంచడం నా తొందరపాటే, ఒప్పుకుంటా. ఆ వెర్షన్‌లో పాతకాలపు ప్లగిన్ పద్ధతిని పూర్తిగా తీసేశారు. మా ప్లగిన్‌లో `PluginRegistry.Registrar` అన్న చోటల్లా బిల్డ్ విరిగింది. వెనక్కి పాత వెర్షన్‌కు పోయి ఆ వారం గడిపాం. ఆదివారం బావమరిది వచ్చి కాసేపు కోడ్ చూసి, "బావా, దీన్ని బాగుచేసేకంటే మనమే రాసుకుందాం" అన్నాడు.

రాత్రి పదకొండుకల్లా అయిపోయింది. మొత్తం నూటయాభై లైన్ల కోట్లిన్. చీటీని ఫ్లట్టరే గీస్తుంది. చుక్కల మూటను `MethodChannel` ద్వారా కోట్లిన్‌కు ఇస్తుంది. కోట్లిన్ బ్లూటూత్ సాకెట్ తెరిచి రాస్తుంది.

మొదటి ప్రయత్నంలో సగం చీటీ బాగా వచ్చి, మిగతా సగం పిచ్చి గీతలు. మా ప్రింటర్ వెడల్పు 384 చుక్కలు, అంటే వరసకు 48 బైట్లు. తొమ్మిది సెంటీమీటర్ల చీటీకి దాదాపు 700 వరసలు, మొత్తం 33,600 బైట్లు. అంతా ఒక్కసారే కుమ్మరిస్తే ప్రింటర్‌లోని చిన్న బఫర్ పొంగిపోతుంది. కాగితం కదిలే వేగానికి తగ్గట్టు ముక్కలుగా పంపాలి:

```kotlin
for (y in 0 until h step 64) {
    val n = minOf(64, h - y)
    out.write(byteArrayOf(0x1D, 0x76, 0x30, 0, 48, 0, n.toByte(), 0))
    out.write(bits, y * 48, n * 48)
    out.flush()
    Thread.sleep(60)
}
```

ఆ 60 మిల్లీసెకన్లు మా ప్రింటర్‌కు సరిపోయిన లెక్క. మీది వేరే అయితే పెంచి తగ్గించి చూసుకోవాలి. పాత ప్లగిన్‌లోనూ పొడుగు చీటీలు అప్పుడప్పుడు ఇలాగే చెడేవి. అప్పట్లో ప్రింటర్‌ది తప్పనుకుని రెండు మార్చాం కూడా. ఆ డబ్బు తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఇంకో జాగ్రత్త. ఛానల్ పిలుపు వచ్చేది ఫోన్ ప్రధాన థ్రెడ్ మీద. అక్కడే `connect()` పిలిస్తే, ప్రింటర్ ఆపి ఉన్నప్పుడు స్క్రీన్ బిగుసుకుపోతుంది. 5 సెకన్లు తాకిడికి స్పందించకపోతే యాప్ స్పందించడం లేదని ఆండ్రాయిడ్ చెప్పేస్తుంది. పని వేరే థ్రెడ్‌లో చేసి, జవాబు మాత్రం మళ్లీ ప్రధాన థ్రెడ్ నుంచే ఇవ్వాలి.

మరి ఒకే కోడ్‌తో రెండు ఫోన్లు అన్న మాట? ఐఫోన్ ఉన్నది నలుగురు షావుకార్ల కొడుకులకే. వాళ్ల కోసం మ్యాక్ సంపాదించాలి, ఏటా 99 డాలర్లు కట్టాలి. ప్లే స్టోర్‌కైతే ఒకేసారి 25 డాలర్లు. అంతా చేశాక మా ప్రింటర్‌తో ఐఫోన్ మాట్లాడదు. ఇలాంటి పాత తరహా బ్లూటూత్ వస్తువుకు ఆపిల్ ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప యాప్‌లకు దారి ఇవ్వదు. కాబట్టి ఐఫోన్ యాప్‌లో లెక్కలు చూసుకోవడమే. మొదట్లో నేను గొప్పగా చెప్పిన ఆదా ఇందులో ఎంత మిగిలిందో నాకే అనుమానం.

అయినా ఈ యాప్‌ను ఫ్లట్టర్ నుంచి మార్చను. నలభై దాకా స్క్రీన్లున్నాయి, తిరిగి రాసే తీరిక లేదు, కుర్రాడికి వచ్చింది ఫ్లట్టర్ భాష డార్టే. కాంటా దగ్గరి మనుషుల కోసం ఇంకో చిన్న యాప్ అనుకుంటున్నాం. మూడే స్క్రీన్లు, అందరివీ ఆండ్రాయిడ్ ఫోన్లే, తూకం యంత్రం నుంచి నేరుగా అంకె చదవాలి. దాన్ని మాత్రం మొదటి లైను నుంచే కోట్లిన్‌లో రాద్దామని నా మనసు. బావమరిదికి పుణెకు బదిలీ అంటున్నారు. అది ఖాయమైతే ఈ మాట కూడా మళ్లీ ఆలోచించుకోవాలి.